సారీ చెప్పే మెయిల్‌లో కాలాలు తప్పితే

శుక్రవారం ఇస్తానన్న రిపోర్టు సోమవారం పొద్దుటికీ పూర్తికాలేదు. హైదరాబాద్ ఆఫీసులో పనిచేసే ఉద్యోగి న్యూయార్క్‌లో ఉన్న మేనేజరుకు క్షమాపణ చెబుతూ మెయిల్ పెట్టాలి. తెలుగులో ఆలోచించి ఇంగ్లిషులో రాసే మనలో చాలామంది చేతి నుంచి ఆ మెయిల్ ఇలా వెళ్తుంది:

"డియర్ సర్, ఐ యామ్ ఎక్స్‌ట్రీమ్‌లీ సారీ ఫర్ ది ఇన్‌కన్వీనియన్స్ కాజ్డ్. ఐ హావ్ ప్రామిస్డ్ టు సెండ్ ది రిపోర్ట్ ఆన్ ఫ్రైడే బట్ ఐ డిడ్ నాట్ కంప్లీటెడ్. ది సర్వర్ ఈజ్ డౌన్ సిన్స్ టూ డేస్ అండ్ ఐ యామ్ హావింగ్ సమ్ డౌట్స్ ఇన్ జూన్ ఫిగర్స్. ఐ టోల్డ్ టు అకౌంట్స్ టీమ్ బట్ దే ఆర్ నాట్ గివింగ్ రిప్లై. ఐ వుడ్ సెండ్ ది సేమ్ టిల్ టుమారో ఈవెనింగ్. కైండ్లీ ఎక్స్‌క్యూజ్ అండ్ డు ది నీడ్‌ఫుల్."

ఈ మెయిల్‌ను ఉదాహరణ కోసం నేనే కూర్చాను. ఇందులోని వాక్యాలు మాత్రం ఆఫీసుల్లో రోజూ తిరిగేవే. వీటిని చూడగానే ఎర్ర పెన్ను తీసి తప్పులు లెక్కపెట్టాలనిపిస్తుంది. అలా లెక్కపెడితే అసలు నష్టం కనబడదు. ఇందులో కొన్ని తప్పులు చెవికి ఇబ్బందిగా ఉంటాయే గానీ ఎవరికీ హాని చేయవు. మరికొన్ని వ్యాకరణం ప్రకారం సరైనవే అయినా మేనేజరును తప్పుదారి పట్టిస్తాయి. ఏది ఏదో తెలియడం ముఖ్యం.

ముందు అసలు ఏం జరిగిందో చూద్దాం. ఏప్రిల్ నుంచి జూన్ వరకు అమ్మకాల రిపోర్టులో మూడు భాగాలున్నాయి. మొదటి రెండూ శుక్రవారానికే పూర్తయ్యాయి. మూడో భాగంలో జూన్ నెల అంకెలు రెండు చోట్ల పొంతన కుదరలేదు. వాటి గురించి గురువారం అకౌంట్స్ వాళ్లను అడిగాడు, ఇంకా జవాబు రాలేదు. గురువారం, శుక్రవారం సర్వర్ పనిచేయలేదు, శనివారం పొద్దున బాగుపడింది. మంగళవారం సాయంత్రం ఆరింటికల్లా మూడో భాగం ఇవ్వగలనని అతని అంచనా. ఇవన్నీ ఉద్యోగికి స్పష్టంగా తెలిసిన విషయాలు. మెయిల్ చదివిన మేనేజరుకు వీటిలో ఎన్ని చేరాయో వాక్యం వాక్యం పట్టి చూడాలి.

"ఐ హావ్ ప్రామిస్డ్ టు సెండ్ ది రిపోర్ట్ ఆన్ ఫ్రైడే." తెలుగులో "శుక్రవారం ఇస్తానని మాటిచ్చాను" అన్నది ఎప్పుడైనా అనొచ్చు. శుక్రవారం ముందున్నా, వెళ్లిపోయినా "మాటిచ్చాను" అనే క్రియ మారదు. ఇంగ్లిషులో అలా కాదు. "ఐ ప్రామిస్డ్" అంటే ఇచ్చిన మాట గతానికి చెందింది. "ఐ హావ్ ప్రామిస్డ్" అంటే ఆ మాట ఇప్పటికీ నిలిచే ఉంది, దాని గడువు ఇంకా ముందుంది అన్న ధ్వని వస్తుంది. అందుకని ఈ వాక్యం చదివిన మనిషి రాబోయే శుక్రవారం గురించి అనుకునే వీలుంది. "బట్" తర్వాత భాగం చదివాక గానీ అది దాటిపోయిన శుక్రవారమని తెలియదు. "ఐ ప్రామిస్డ్ యూ ది రిపోర్ట్ బై ఫ్రైడే" అంటే సరిపోతుంది. మనవాళ్లకు "హావ్" చేరిస్తే వాక్యం గౌరవంగా, నిండుగా ఉంటుందన్న భావన ఉంది. నిన్న, మొన్న, పోయిన శుక్రవారం అంటూ గడిచిపోయిన రోజును వాక్యంలో పెట్టామంటే అక్కడ "హావ్" ఉండకూడదు. ఈ ఒక్క నియమం పట్టుకుంటే ఆఫీసు మెయిళ్లలో సగం కాలదోషాలు పోతాయని నా నమ్మకం.

తర్వాతది "డిడ్ నాట్ కంప్లీటెడ్". అందరూ వేలెత్తి చూపే తప్పు ఇదే. "డిడ్"లోనే గతం ఉంది కాబట్టి క్రియ "కంప్లీట్"గానే ఉండాలి. కానీ ఈ తప్పుతో ఎవరూ పొరబడరు, అర్థం చక్కగా చేరుతుంది. విచిత్రమేమిటంటే, దాన్ని దిద్ది "డిడ్ నాట్ కంప్లీట్" అని రాసినా అసలు లోపం అలాగే ఉండిపోతుంది.

తెలుగులో "చేయలేదు" అనే రూపాన్ని చూడండి. "నిన్న చేయలేదు" అంటాం, "ఇంకా చేయలేదు" అనీ అంటాం. మొదటిది ముగిసిపోయిన సంగతి, రెండోది ఇప్పటికీ నడుస్తున్న సంగతి. ఆ తేడాను మనకు చెబుతున్నది క్రియ కాదు, పక్కనున్న "నిన్న", "ఇంకా" అనే మాటలు. ఇంగ్లిషులో ఆ తేడా క్రియలోనే ఉంటుంది. "డిడ్ నాట్ కంప్లీట్" అంటే ఆ వ్యవహారం అక్కడితో ఆగిపోయినట్టు. "హావ్ నాట్ కంప్లీటెడ్ ఇట్ యెట్" అంటే పని చేతిలోనే ఉంది, సాగుతోంది. గడువు దాటిన పనికి క్షమాపణ చెబుతున్నప్పుడు మేనేజరు మొదట వెతికేది దీన్నే. పని వదిలేశావా, చేస్తున్నావా అన్నది అతనికి తెలియాలి. మన "ఇంకా"ను ఇంగ్లిషులోకి తెచ్చే "యెట్"ను, దాంతో వచ్చే "హావ్"ను ఇక్కడ వదలకూడదు. పై వాక్యంలో గడిచిన రోజు ఉంది కాబట్టి "హావ్" తీసేశాం. ఇక్కడ పని ఇంకా గడవలేదు కాబట్టి "హావ్" కావాలి.

ఈ మెయిల్ మొత్తంలో ఎక్కువ అనర్థం తెచ్చేది సర్వర్ వాక్యం. "ఈజ్ డౌన్ సిన్స్ టూ డేస్" అనడానికి మూలం మన "రెండు రోజుల నుంచి". "సోమవారం నుంచి" అన్నా, "రెండు రోజుల నుంచి" అన్నా తెలుగులో ఒకే "నుంచి" సరిపోతుంది. ఇంగ్లిషు వాళ్లు మొదలైన క్షణానికి "సిన్స్", గడిచిన నిడివికి "ఫర్" వాడతారు. అది చిన్న తప్పు, వదిలేయొచ్చు. పెద్ద తప్పు "ఈజ్". అక్కడ రెండు దారులున్నాయి. "హాజ్ బీన్ డౌన్ ఫర్ టూ డేస్" అంటే రెండు రోజులుగా పడిపోయి ఉంది, ఇప్పుడూ పనిచేయడం లేదు. "వాజ్ డౌన్ ఫర్ టూ డేస్" అంటే రెండు రోజులు పనిచేయలేదు, ఇప్పుడు బాగానే ఉంది. మన ఉద్యోగి విషయంలో రెండోదే నిజం. సర్వర్ శనివారమే బాగుపడింది. "ఈజ్" అని రాసినందువల్ల మేనేజరు మొదటిదే అర్థం చేసుకుంటాడు. సర్వర్ ఇంకా పడిపోయే ఉంటే రేపు రిపోర్టు ఎలా వస్తుంది? అందుకని అతను ఆ మాటను నమ్మడు. సర్వర్లు చూసుకునే విభాగానికి ఫిర్యాదు పంపినా పంపుతాడు. వాళ్లు "శనివారం నుంచే నడుస్తోందే" అని జవాబిస్తారు. అప్పుడు ఉద్యోగి అబద్ధమాడినట్టు తేలుతుంది. అతను అబద్ధమాడలేదు, క్రియ కాలాన్ని తప్పుగా రాశాడు. కానీ అవతలివాళ్లకు ఆ సంగతి చెప్పేదెవరు?

ఇక "డౌట్స్". మన బడిలో, కోచింగ్ సెంటర్‌లో "సార్, ఒక డౌటు" అంటే అడగవలసిన ప్రశ్న ఉందని అర్థం. భారతదేశమంతటా ఆ వాడుక స్థిరపడింది, ఇక్కడివాళ్ల మధ్య దాన్ని తప్పనడం అన్యాయం. అమెరికా, ఇంగ్లండు వాళ్లకు మాత్రం "డౌట్" అంటే అనుమానం, అపనమ్మకం. "జూన్ అంకెల మీద నాకు డౌట్స్ ఉన్నాయి" అని డబ్బు లెక్కల రిపోర్టు గురించి రాస్తే, ఎవరో అంకెలు తారుమారు చేశారని అనుమానిస్తున్నట్టు వినిపిస్తుంది. పక్క వాక్యంలోనే అకౌంట్స్ వాళ్లు జవాబు ఇవ్వడం లేదని ఉంది కదా, ఆ రెండూ కలిస్తే అనుమానం మరింత బలపడుతుంది. అతను చెప్పదలచుకున్నది ఒక్కటే, రెండు అంకెలు పొంతన కుదరలేదని. "టూ ఆఫ్ ది జూన్ ఫిగర్స్ డు నాట్ మ్యాచ్" అని ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు. "సమ్ డౌట్స్" అన్నచోట "టూ ఫిగర్స్" అని లెక్క చెబితే సమస్య ఎంత చిన్నదో కూడా తెలిసిపోతుంది.

అకౌంట్స్ వాక్యంలో "టోల్డ్ టు" అన్నది చెప్పాను అన్నదానికి అనువాదం. నిజానికి అతను చెప్పలేదు, అడిగాడు. కాబట్టి "ఆస్క్డ్" కావాలి. "నాట్ గివింగ్ రిప్లై" మన "జవాబు ఇవ్వడం లేదు" నుంచి వచ్చింది. తెలుగులో అందులో పెద్ద నిష్ఠూరమేమీ లేదు. ఇంగ్లిషులో ఆ "ఇంగ్" రూపం వాళ్లు పనిగట్టుకుని ఇవ్వకుండా ఉన్నారనే ఫిర్యాదులా ధ్వనిస్తుంది. గురువారం ఒకసారి అడిగి, మధ్యలో శని ఆదివారాలు వచ్చి, సోమవారం పొద్దున్నే ఈ మాట అంటే అకౌంట్స్ వాళ్లకు కోపం రావడం న్యాయమే. ఈ మెయిల్‌ను మేనేజరు వాళ్లకే పంపించి "ఏమిటి సంగతి" అని అడగవచ్చు. తన ఆలస్యానికి క్షమాపణ కోరుతూ పక్క విభాగం మీద ఫిర్యాదు పంపినట్టయింది.

అసలు వాగ్దానం ఉన్న వాక్యం "ఐ వుడ్ సెండ్ ది సేమ్ టిల్ టుమారో ఈవెనింగ్". దీనిలో మూడు మాటలు మూడు రకాలుగా దాన్ని బలహీనపరుస్తున్నాయి. అడిగేటప్పుడు "వుడ్ యూ ప్లీజ్" అంటే మర్యాద అని చిన్నప్పుడే నేర్చుకున్నాం. ఆ మర్యాదనే ఇచ్చే మాటలోకి కూడా తెచ్చుకున్నాం. "ఐ వుడ్ సెండ్" విన్న ఇంగ్లిషు మనిషికి తర్వాత ఒక "కానీ" రావాలనిపిస్తుంది. వీలుంటే పంపేవాణ్ని, కానీ కుదరదు అన్నట్టు. పంపుతానని గట్టిగా చెప్పాలంటే "విల్" రాయాలి. అది పొగరు కాదు. గడువు ఒకసారి తప్పినవాడు రెండోసారి ఇచ్చే మాట తేటగా ఉండటమే మర్యాద.

"టిల్" మన "వరకు" నుంచి వచ్చింది. తెలంగాణలో "సాయంత్రం వరకు ఇస్తా" అంటే సాయంత్రంలోగా ఇస్తానని అందరికీ తెలుసు. ఇంగ్లిషులో "టిల్" అంటే అప్పటిదాకా ఆ పని సాగుతూనే ఉంటుందని. రేపు సాయంత్రం దాకా రిపోర్టు పంపుతూనే ఉంటానన్న అర్థం వస్తుంది. గడువుకు "బై" కావాలి. "లోగా", "కల్లా" అని తెలుగులో ఎక్కడ అనగలమో అక్కడ "బై", "దాకా" అని ఎక్కడ అనగలమో అక్కడ "టిల్". గడువుల విషయంలో ఈ గుర్తు చాలావరకు పనికొస్తుంది.

మూడోది వ్యాకరణానికి సంబంధించింది కాదు. ఎవరి రేపు? ఎవరి సాయంత్రం? వేసవిలో న్యూయార్క్ కంటే మన గడియారం తొమ్మిదిన్నర గంటలు ముందుంటుంది, చలికాలంలో పదిన్నర గంటలు. సోమవారం పొద్దున హైదరాబాద్‌లో పదింటికి పంపిన మెయిల్‌ను మేనేజరు తన సోమవారం ఉదయం తొమ్మిదింటికి తెరుస్తాడు. అప్పటికి ఇక్కడ సాయంత్రం ఆరున్నర. "రేపు సాయంత్రం" అంటే ఉద్యోగి మనసులో హైదరాబాద్ మంగళవారం సాయంత్రం ఆరు. అది న్యూయార్క్‌లో మంగళవారం ఉదయం ఎనిమిదిన్నర. మేనేజరు మాత్రం తన మంగళవారం సాయంత్రమని అనుకుంటాడు. అప్పుడతను మంగళవారం మధ్యాహ్నం పెట్టుకోగలిగిన మీటింగును బుధవారానికి వాయిదా వేస్తాడు. అనవసరంగా ఒక రోజు పోయింది. రెండు ఊళ్ల సమయాలూ రాయడమే దీనికి మందు. ఇలాంటి చిక్కే ఇంకొకటి ఉంది. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి ఏప్రిల్, మే, జూన్ మనకు మొదటి త్రైమాసికం. జనవరి నుంచి లెక్కపెట్టే అమెరికా కంపెనీకి అది రెండోది. అంకె రాయకుండా నెలల పేర్లు రాయడం మేలు.

మొదటి, చివరి వాక్యాలు మిగిలాయి. "ఇన్‌కన్వీనియన్స్ కాజ్డ్" అన్నది రైల్వే స్టేషన్‌లో మైకులో వినబడే "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము" లాంటిది. ఎవరి వల్ల, ఎవరికి, ఏ అసౌకర్యం అన్నది అందులో లేదు. "డు ది నీడ్‌ఫుల్" ఒకప్పటి బ్రిటిష్ దొరల దఫ్తర్ల భాష. అక్కడ దాదాపుగా పోయింది, మన దగ్గర నిలిచింది. దరఖాస్తులో దానికి అర్థం ఉంది. క్షమాపణలో మేనేజరు చేయవలసింది ఏముంది? చదివినవాడు తనను ఏదో చేయమంటున్నారని మెయిల్ మళ్లీ మొదటినుంచి వెతుక్కుంటాడు.

క్షమాపణలో ఏమేం ఉంటాయన్నది భాషాశాస్త్రజ్ఞులు పరిశీలించిన విషయమే. శోషానా బ్లుమ్ కుల్కా, ఎలైట్ ఓల్ష్‌టైన్ 1984లో ప్రచురించిన వ్యాసంలో వివిధ భాషల క్షమాపణలను పోల్చడానికి ఐదు అంశాలు చూపించారు. మన్నించమని అడగడం, కారణం చెప్పడం, తప్పు తనదని ఒప్పుకోవడం, సరిదిద్దుతానని చెప్పడం, మళ్లీ చేయనని మాటివ్వడం. అన్నీ ప్రతి క్షమాపణలో ఉండాలని కాదు. మన మెయిల్‌ను ఈ లెక్కన చూస్తే మన్నించమనడం రెండు సార్లు ఉంది, కారణాలు మూడున్నాయి. సరిదిద్దుతానన్నది మసకగా ఉంది. తప్పు తనదన్న ముక్క ఎక్కడా లేదు. "ఎక్స్‌ట్రీమ్‌లీ" అని ఎంత బరువు పెంచినా ఆ లోటు తీరదు.

నిజానికి ఈ ఉద్యోగి తప్పు ఆలస్యం కావడం కాదు. సర్వర్ పడిపోవడం అతని చేతిలో లేదు. గురువారమే కష్టమని తెలిసినా సోమవారం దాకా చెప్పకపోవడం అతని తప్పు. దానికి తెలుగులో ఎంత చక్కటి మాట ఉందో చూడండి: "గురువారమే మీకు చెప్పాల్సింది." ఇంగ్లిషులో సరిగ్గా దానికి సమానం "ఐ షుడ్ హావ్ టోల్డ్ యూ ఆన్ థర్స్‌డే". ఇందులో "హావ్" ఎగిరిపోయి "షుడ్ టోల్డ్" అని రావడం మనవాళ్లలో తరచుగా చూస్తాం. గడిచిపోయిన రోజుంటే "హావ్" వద్దన్న నియమం దీనికి వర్తించదు, "షుడ్" వెనక గతాన్ని చెప్పడానికి "హావ్" తప్ప వేరే దారి లేదు. మేనేజరు మనసు కరిగించేది ఈ ఒక్క వాక్యమే.

ఇప్పుడు మెయిల్ తిరగరాద్దాం. ముందు కాగితం మీద మూడు గడులు వేసుకోవాలి: అయిపోయినవి, ఇప్పటికీ నడుస్తున్నవి, ముందు జరగబోయేవి. ప్రతి సంగతినీ తెలుగులోనే ఏదో ఒక గడిలో పెట్టాలి. సర్వర్ పడిపోవడం మొదటి గడిలోకి, అంకెలు కుదరకపోవడం రెండో గడిలోకి, మంగళవారం పంపడం మూడో గడిలోకి వెళ్తాయి. గడి తేలాక క్రియ రూపం దానంతటదే తేలుతుంది. అలా చేస్తే మెయిల్ ఇలా వస్తుంది:

"ఐ యామ్ సారీ దట్ ఐ మిస్డ్ ఫ్రైడేస్ డెడ్‌లైన్ ఫర్ ది ఏప్రిల్ టు జూన్ రిపోర్ట్. ఐ షుడ్ హావ్ టోల్డ్ యూ ఆన్ థర్స్‌డే. పార్ట్స్ వన్ అండ్ టూ ఆర్ అటాచ్డ్. ఐ హావ్ నాట్ ఫినిష్డ్ పార్ట్ త్రీ యెట్. ది సర్వర్ వాజ్ డౌన్ ఆన్ థర్స్‌డే అండ్ ఫ్రైడే, అండ్ టూ ఆఫ్ ది జూన్ ఫిగర్స్ డు నాట్ మ్యాచ్. ది సర్వర్ ఈజ్ వర్కింగ్ నౌ. ఐ ఆస్క్డ్ అకౌంట్స్ అబౌట్ ది ఫిగర్స్ లాస్ట్ వీక్ అండ్ విల్ కాల్ దెమ్ టుడే. ఐ విల్ సెండ్ పార్ట్ త్రీ బై 6 పీఎం ఆన్ ట్యూజ్‌డే ఇన్ హైదరాబాద్, విచ్ ఈజ్ 8.30 ఏఎం యువర్ టైమ్. ఇఫ్ అకౌంట్స్ హావ్ నాట్ ఆన్సర్డ్ బై దెన్, ఐ విల్ మార్క్ ది టూ ఫిగర్స్ అండ్ సెండ్ ది రెస్ట్."

ఇది మొదటి మెయిల్ కంటే పొడవైంది. ఇందులో పెద్ద మాట ఒక్కటీ లేదు. పూర్తయిన రెండు భాగాలు జతచేశాడు కాబట్టి మేనేజరు ఇవాళే పని మొదలుపెట్టుకోవచ్చు. మొదటి మెయిల్‌లో ఆ రెండు భాగాల ఊసే లేదన్నది గమనించారా? తప్పు చేశానన్న భయంలో చేసిన పని చెప్పడం కూడా మరిచిపోతాం. అకౌంట్స్ నుంచి జవాబు రాకపోతే ఏం చేస్తాడో చివర చెప్పాడు, అందుకే ఆ వాగ్దానం ఇంకొకరి మీద ఆధారపడకుండా నిలుస్తుంది.

తప్పుల్లో రెండు రకాలున్నాయని బ్రిటిష్ భాషావేత్త పిట్ కార్డర్ 1967లోనే చెప్పాడు. తొందరలో దొర్లేది ఒకటి, నియమం తెలియక వచ్చేది ఒకటి. వేరుచేసి చూడటం తేలిక. పంపే ముందు మెల్లగా పైకి చదవండి. "డిడ్ నాట్ కంప్లీటెడ్" మీకే తట్టి దిద్దుకుంటే అది తొందరపాటు. "వుడ్ సెండ్" ఎన్నిసార్లు చదివినా బాగానే ఉన్నట్టనిపిస్తే అది నేర్చుకోవలసిన నియమం. "ఈజ్ డౌన్", "వుడ్ సెండ్" లాంటివాటిలో స్పెల్లింగ్ తప్పేమీ లేదు కాబట్టి కంప్యూటరు స్పెల్లింగ్ చూసే పద్ధతి వాటిని పట్టుకోదు. పంపే ముందు అయిదు నిమిషాలే ఉంటే ఆర్టికల్స్ వదిలేసి ఈ మూడు చోట్లే చూడండి: అడ్డంకి ఇప్పుడూ ఉందా పోయిందా, పని ఆగిందా సాగుతోందా, ఇస్తానన్న గడువు ఏ ఊరి గడియారం ప్రకారం.

మేనేజర్లయిన తెలుగువారికీ ఒక మాట. మీ దగ్గర పనిచేసే పిల్లలు ఇలాంటి మెయిల్ పంపినప్పుడు దాన్ని నలుగురికీ చూపించి ఇంగ్లిషు దిద్దకండి. "సర్వర్ ఇప్పుడు నడుస్తోందా?" అని ఒక్క ప్రశ్న తిరిగి రాయండి. దానికి జవాబు రాయడంలోనే "వాజ్"కూ "ఈజ్"కూ ఉన్న తేడా వాళ్లకు తెలిసిపోతుంది, మీకు కావలసిన సమాచారమూ అందుతుంది.